లెక్క తేలాకే ధర: మార్చి 31న మిర్చి నిల్వ విలువ కట్టడం ఎలా?

2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ మిర్చి రైతుల కోసం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. అంతకు ముందు మేలురకం కాయ 20,000 పైన పలికిన రోజులు చూసిన గుంటూరు యార్డుకు అది పెద్ద పతనం. రైతు కష్టం అందరికీ కనిపించింది. ఎక్కువ ధరకు కొని కోల్డ్ స్టోరేజీల్లో పెట్టుకున్న వ్యాపారులకు ఇంకో లెక్క మిగిలింది. మార్చి 31న ఖాతా పుస్తకం మూసేటప్పుడు ఆ సరుకును ఏ విలువకు చూపాలి?

అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 దీనికి సూటిగా బదులిస్తుంది: కొన్న ఖరీదు, నికర వసూలు విలువ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. సరుకు అమ్మితే వస్తుందనుకునే ధరలోంచి అమ్మడానికయ్యే ఖర్చులన్నీ తీసేస్తే మిగిలేది నికర వసూలు విలువ. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్-2 చెప్పేదీ, ఆదాయపు పన్ను లెక్కకు వాడే ఐసీడీఎస్-2 చెప్పేదీ మూలంలో ఇదే.

సూత్రం ఒక్క వాక్యమే గానీ, దాన్ని వాడే వరుసలో పొరపాట్లు జరుగుతాయి. ముందు సరుకెంత ఉందో తేల్చాలి, ఆ తర్వాతే ధర సంగతి. ఒక ఊహా లెక్క తీసుకుందాం.

ఒక వ్యాపారి 1,000 క్వింటాళ్ల తేజ రకం మిర్చి కొన్నాడు. రవాణా, హమాలీ కలుపుకొని 1,38,60,000 రూపాయలు పడింది. కొన్నప్పటి నుంచి సరుకు గదిలో చేరేలోపు తేమ ఆరుతుంది, తొడిమలు, గింజలు రాలుతాయి. ఈ తరుగు ఏటా ఉండేదే. తన అనుభవం ప్రకారం అది నూటికి ఒక వంతు, అంటే 10 క్వింటాళ్లు. మామూలు తరుగుకు విడిగా నష్టం రాయరు. మొత్తం ఖరీదును మిగిలిన 990 క్వింటాళ్ల మీదే పంచుతారు కాబట్టి క్వింటాలు ఖరీదు 14,000 అవుతుంది. నెలనెలా కట్టే కోల్డ్ స్టోరేజీ అద్దెను మాత్రం ఇందులో కలపకూడదు. అమ్మకానికి సిద్ధంగా ఉన్న సరుకును దాచినందుకయ్యే ఖర్చు అది, ఆ ఏటి ఖర్చుల్లోకే పోతుంది. చాలామంది అద్దెనూ ఖరీదులో కలిపేసి నిల్వ విలువను ఉబ్బిస్తారు.

మార్చి 31న గుమాస్తా వెళ్లి టిక్కీలు లెక్కపెట్టి, కొన్నింటిని తూచి చూశాడు. 956 క్వింటాళ్లే తేలాయి. 34 క్వింటాళ్లు తక్కువ! ఇక్కడ వెంటనే కొరత పద్దు రాయడం తప్పు. ముందు కోల్డ్ స్టోరేజీ రసీదులన్నీ ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడాలి. 31వ తేదీ లోపు సరుకు వెళ్లిపోయి బిల్లు ఏప్రిల్‌లో రాసిన అమ్మకాలున్నాయేమో వెతకాలి. బిల్లు పుస్తకంలోకి ఎక్కి, లారీ ఇంకా రాని కొనుగోళ్లనూ చూడాలి. ఇలా చూస్తే వేరే రసీదు మీద ఇంకో గదిలో 40 కిలోల టిక్కీలు 60 బయటపడ్డాయి. అవి 24 క్వింటాళ్లు. నిజంగా ఉన్నది 980, నిజమైన కొరత 10 క్వింటాళ్లు. కారణం తెలియని ఈ కొరతకు, ఖరీదు లెక్కన, చిట్టాపద్దు ఇలా ఉంటుంది:

సరుకు కొరత నష్టం ఖాతా డెబిట్ 1,40,000
సరుకు నిల్వ ఖాతా క్రెడిట్ 1,40,000

ఇప్పుడు నిల్వ 980 క్వింటాళ్లు, ఖరీదు 1,37,20,000. ధర వంతు ఇప్పుడొచ్చింది. యార్డులో ఆ నాణ్యతకు 12,000 పలుకుతోంది. కమీషను, హమాలీ, రవాణా కలిపి 400 పోతే చేతికొచ్చేది 11,600. కేంద్రం ప్రకటించిన 11,781ని ఇక్కడ వాడకూడదు, అది రైతుకు ఉద్దేశించిన ఆసరా గానీ వ్యాపారి అమ్మకపు ధర కాదు. క్వింటాలుకు తగ్గుదల 2,400, మొత్తం 23,52,000:

నిల్వ విలువ తగ్గింపు నష్టం ఖాతా డెబిట్ 23,52,000
సరుకు నిల్వ ఖాతా క్రెడిట్ 23,52,000

ఆస్తి అప్పుల పట్టీలో సరుకు 1,13,68,000 దగ్గర నిలుస్తుంది.

వరుస తిరగేస్తే ఏమవుతుంది? ముందే 990 క్వింటాళ్లకూ ధర తగ్గిస్తే తగ్గింపు 23,76,000 అవుతుంది, కొరత 1,16,000కు కుదించుకుపోతుంది. కూడితే రెండు పద్ధతుల్లోనూ 24,92,000 రూపాయలే. కానీ మార్కెట్ చేసిన నష్టం వేరు, గోదాములో మాయమైన సరుకు వేరు. 24,000 రూపాయల కొరత మార్కెట్ ఖాతాలో కలిసిపోతే దాని గురించి కాపలాదారునీ, కోల్డ్ స్టోరేజీనీ అడిగేవాళ్లుండరు.

జీఎస్టీలో ఈ తేడాకు ఇంకా బరువుంది. పోయిన, దొంగలెత్తుకెళ్లిన, పాడైన, కొట్టివేసిన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ దక్కదని 2017 నాటి చట్టంలోని 17(5)(హెచ్) చెబుతుంది. రైతు దగ్గర నేరుగా కొన్న కాయకు పన్నే లేదు, వెనక్కి ఇచ్చేదీ లేదు. అదే సరుకును ఇంకో వ్యాపారి దగ్గర 5 శాతం పన్ను బిల్లుతో కొని ఉంటే, లేకుండా పోయిన 10 క్వింటాళ్ల మీద తీసుకున్న క్రెడిట్‌ను తిరిగి కట్టాలి. ధర మాత్రమే తగ్గిన 980 క్వింటాళ్లకు ఆ బాధ లేదు, సరుకు గదిలోనే ఉంది కదా.

చిన్న దుకాణాల్లో ఈ కొరత అసలు కనిపించకుండానే పోతుంది. ఏడాది పొడవునా నిల్వ ఖాతా రాయకుండా, చివర్లో లెక్కపెట్టి ముగింపు సరుకును వర్తకపు ఖాతాలో వేసే పద్ధతి వాళ్లది. ముగింపు సరుకు తక్కువైతే స్థూల లాభం తగ్గుతుంది, అంతే. దొంగతనమో, బిల్లు లేని అమ్మకమో, తరాజు తేడానో పుస్తకం చెప్పదు. సరుకు రాక, పోకల రిజిస్టరు ఒకటి పెట్టుకుంటే ఆ కొరతను వర్తకపు ఖాతాలోంచి విడదీసి లాభనష్టాల ఖాతాలో చూపవచ్చు. స్థూల లాభం శాతం ఏటా ఒకేలా ఉంటూ ఒక్కసారి జారిపోయిన దుకాణంలో మొదట అనుమానించాల్సింది దీన్నే.

ధర తగ్గింపుకూ హద్దులున్నాయి. అందులో 300 క్వింటాళ్లను ఎగుమతిదారుకు ఖర్చులు పోను 14,500 చేతికొచ్చే ధరకు ఇస్తానని మార్చికి ముందే ఖాయమైన ఒప్పందం ఉందనుకుందాం. ఆ 300కు యార్డు ధర వర్తించదు, ఒప్పందపు ధరే కొలత. అది ఖరీదు కంటే ఎక్కువ కాబట్టి తగ్గించేది ఏమీ లేదు. మిగిలిన 680కే తగ్గింపు, అంటే 16,32,000. అలాగే తేజలో నష్టముంది, పక్కనున్న బ్యాడిగి రకంలో లాభముంది అని రెండింటినీ కలిపి సర్దకూడదు. ఏ రకానికి ఆ రకమే. కారం పొడి ఆడించే మిల్లు సంగతి ఇంకోలా ఉంటుంది. పొడి అమ్మితే ఖరీదుకు తగ్గకుండా వస్తుందంటే, ముడి మిర్చి మార్కెట్లో పడిపోయినా దాని విలువ తగ్గించనక్కర్లేదు.

తగ్గించిన సరుకు ఏడాది దాటినా అమ్ముడుపోక, ధర మళ్లీ లేస్తే? ఇండ్ ఏఎస్-2 పాటించే కంపెనీ విలువను తిరిగి పెంచాల్సిందే, కానీ మొదటి ఖరీదు దాటకూడదు. 11,600కు తగ్గించిన కాయ నికర విలువ మరుసటి మార్చికి 14,900కు చేరినా, పుస్తకంలో 14,000 దగ్గరే ఆగుతుంది. పైనున్న 900 రూపాయలు అమ్మిన రోజునే లాభమవుతాయి.