తలుపు తిరిగే చోటు ముందు, మంచం తర్వాత

రెండు పడకగదుల ఫ్లాట్లలో చిన్న గది 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు ఉండటం మామూలే. బ్రోషర్‌లోని బొమ్మలో ఆ గదిలో పెద్ద మంచం, వార్డ్‌రోబ్ చక్కగా ఇమిడి ఉంటాయి. తలుపులు తెరిచి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఆ పరీక్ష ఇల్లు చేతికి రాకముందే కాగితం మీద చేసుకోవచ్చు.

గ్రాఫు కాగితం మీద సెంటీమీటరుకు అడుగు చొప్పున గది గీయండి. గోడలు కట్టి ఉంటే ప్రతి కొలతా రెండు చివర్లా తీసి, తక్కువ వచ్చినదే వేసుకోండి. ఇటుక గోడలు అంగుళం అటూ ఇటూ పోవడం సహజం. తర్వాత సామాను జోలికి పోకుండా ముందు తలుపులు గీయాలి. మడతబందు ఉన్న చోట కంపాస్ ముల్లు పెట్టి, తలుపు వెడల్పంత తీసుకుని పావు చుట్టు తిప్పండి. ఆ చుట్టు లోపల ఏదీ పెట్టకూడదు.

మన గదికి ఉత్తరం గోడలో, పడమటి మూలన 3 అడుగుల తలుపు ఉందనుకుందాం. అది పడమటి గోడకు ఆనేలా లోపలికి తెరుచుకుంటుంది. బాత్‌రూమ్ తలుపు పడమటి గోడకే, దక్షిణపు చివర ఉంది. దాని వెడల్పు రెండున్నర అడుగులు.

ఇప్పుడు అట్టముక్కలు కత్తిరించాలి. పెద్ద పరుపు 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. మంచానికి చెక్క అంచులు, తలవైపు పలక కూడా ఉంటాయి కదా, అందుకే అట్టముక్కను 6 అడుగుల 4 అంగుళాలకు 7 అడుగులుగా కత్తిరించండి. చొక్కాలు హ్యాంగర్‌కు అడ్డంగా వేలాడాలంటే వార్డ్‌రోబ్ లోతు 2 అడుగులు కావాలి. దాని ముందు మనిషి నిలబడి తలుపులు తెరవడానికి ఇంకో రెండున్నర అడుగులు చుక్కల గీతతో కలపండి. చాలామంది వదిలేసేది ఈ చుక్కల భాగాన్నే. మనిషి నడిచే దారికి కూడా రెండున్నర అడుగులుంటే హాయి. రెండు అడుగులకు తగ్గితే పక్కకు తిరిగి నడవాల్సిందే.

ఉత్తరానికి తలపెట్టడం మన ఇళ్లలో ఒప్పుకోరు. అందుకని ముందుగా దక్షిణానికి తల పెట్టి, మంచాన్ని తూర్పు గోడకు చేర్చి చూద్దాం. పడమటి గోడకు వార్డ్‌రోబ్ పెడితే మధ్యలో మిగిలేది అడుగు 8 అంగుళాలే. అడుగున్నర వెడల్పున్న వార్డ్‌రోబ్ తలుపు తెరుచుకుంటుంది గానీ ఎదురుగా నిలబడటానికి చోటుండదు.

అదే మంచాన్ని తిప్పి తల తూర్పుకు, పక్క దక్షిణపు గోడకు చేర్చండి. వార్డ్‌రోబ్‌ను ఉత్తరపు గోడకు, తూర్పు మూలకు జరపండి. ఇప్పుడు రెండింటి మధ్య 2 అడుగుల 8 అంగుళాలు వచ్చింది. గది ఆ వైపు అడుగు ఎక్కువ పొడవుంది, ఆ అడుగు మన నడకకు కలిసింది. కాళ్ల వైపు 3 అడుగులు మిగిలి బాత్‌రూమ్‌కు దారి అయింది.

అయితే బాత్‌రూమ్ తలుపు గదిలోకి తెరుచుకునేదైతే, ఆ 3 అడుగుల్లో రెండున్నర అదే తీసుకుంటుంది. మడతబందులు ఉత్తరం వైపుంటే తెరిచిన తలుపు దారికి అడ్డంగా నిలుస్తుంది. దక్షిణపు మూల వైపుంటే గోడ పక్కకు ఒదిగిపోతుంది. ద్వారబంధాలు నిలబెట్టకముందే బిల్డర్‌ను అడిగితే ఇది చిన్న మార్పు. తర్వాతైతే బంధంలో గాడులు పూడ్చి కొత్తవి తొలచాలి.

ప్లాన్‌లో తరచుగా కనిపించనిది ఇంకొకటుంది, స్విచ్‌బోర్డు. గది తలుపు గొళ్లెం వైపు గోడకే సాధారణంగా దాన్ని బిగిస్తారు. మన గదిలో 6 అడుగుల వార్డ్‌రోబ్ చేయిస్తే ద్వారబంధానికీ దానికీ మధ్య మిగిలేది సుమారు 4 అంగుళాలు, అంటే బోర్డు వార్డ్‌రోబ్ వెనక్కి పోతుంది. ఐదున్నర అడుగులకు తగ్గిస్తే 10 అంగుళాల గోడ మిగులుతుంది, బోర్డుకు అది సరిపోతుంది. వడ్రంగికి కొలతలిచ్చే ముందు ఇది చూసుకోవాలి.

ఇల్లు చేతికొచ్చాక ఇవే గీతలను సుద్దముక్కతో నేల మీద నిజమైన కొలతల్లో గీసి, చేతిలో నీళ్ల బిందెతో ఆ దారుల్లో నడిచి చూడండి. ఎక్కడ మోచేయి ముడుచుకోవాల్సి వస్తుందో అక్కడ దారి చాలడం లేదని అర్థం.

ఈ అమరికకు ఒక లోటుంది. గోడవైపు పడుకున్నవాళ్లు కాళ్లవైపు నుంచే దిగాలి. ఆ గది రాత్రి రెండుమూడు సార్లు లేచే పెద్దవాళ్లదైతే నేను పెద్ద మంచం వద్దనే అంటాను. 4 అడుగుల పరుపు వేస్తే చెక్కతో కలిపి 4 అడుగుల 4 అంగుళాలు. అప్పుడు వార్డ్‌రోబ్ వైపు 2 అడుగుల 8 అంగుళాలు అలాగే ఉండి, దక్షిణం పక్కన కూడా 2 అడుగుల దారి తెరుచుకుంటుంది. ఆ దారి గోడ వెంబడే నేరుగా బాత్‌రూమ్ తలుపు దగ్గరకు చేరుతుంది.