'సిన్స్ టూ వీక్స్' వెనక ఉన్న తెలుగు

ఇంటర్వ్యూ అయి రెండు వారాలు దాటింది, కబురు లేదు. గుర్తు చేస్తూ ఒక మెయిల్ పెట్టాలి. అవతలివాళ్లది విదేశీ కంపెనీ. ఇలాంటప్పుడు మనవాళ్లు రాసే చిత్తుప్రతి ఇంచుమించు ఇలా ఉంటుంది:

"రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై సిన్స్ టూ వీక్స్. యూ టోల్డ్ దట్ యూ విల్ ఇన్‌ఫామ్ బిఫోర్ ఫ్రైడే ఓన్లీ. ఐ యామ్ హ్యావింగ్ వన్ డౌట్ రిగార్డింగ్ జాయినింగ్ డేట్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ టుడే ఇట్‌సెల్ఫ్."

స్పెల్లింగ్ తప్పొక్కటీ లేదు. అయినా ఎక్కడో పట్టేసినట్టుంది. ఎందుకంటే ఇందులో చాలావరకు తెలుగే ఇంగ్లీషు వేషం కట్టింది.

మొదటి వాక్యం చూడండి. సోమవారం నుంచి అన్నా రెండు వారాల నుంచి అన్నా మనకు 'నుంచి' ఒక్కటే. ఇంగ్లీషులో సోమవారానికి 'సిన్స్', రెండు వారాలకు 'ఫర్'. క్రియ కూడా అంతే. మనం 'ఎదురుచూస్తున్నాను' అనే చోట వాళ్లు 'హ్యావ్ బీన్ వెయిటింగ్' అంటారు. సరే, ఈ రెండూ దిద్దాం. వ్యాకరణం కుదిరింది కానీ, ఇప్పుడు ఆ వాక్యం నిష్ఠూరంలా వినిపిస్తుంది. 'రెండు వారాలుగా కాచుక్కూర్చున్నా' అని నిలదీసినట్టు! అందుకే దాన్ని బాగుచేయడం కన్నా తీసేయడమే నయం. దాని చోట ఇంటర్వ్యూ ఏ తేదీన, ఏ పోస్టుకి జరిగిందో రాస్తే చదివేవారికి మీరెవరో గుర్తొస్తుంది. ఆలస్యం సంగతి ఆ తేదీయే చెబుతుంది.

రెండో వాక్యానికి మూలం 'శుక్రవారం లోపే చెప్తానన్నారు'. తెలుగులో ఎదుటివారి మాట ఎలా అన్నారో అలాగే ఉంచి చివర 'అన్నారు' తగిలిస్తాం. ఇంగ్లీషులో ఆ మాట కాలం కూడా మారి 'విల్' కాస్తా 'వుడ్' అవుతుంది. 'టోల్డ్' అంటే ఎవరికి చెప్పారో రాయాలి, లేదంటే 'సెడ్' చాలు. శుక్రవారం కూడా కలుపుకుని గడువు పెడితే 'బిఫోర్' కాదు, 'బై'. ఇక చివరి 'ఓన్లీ' మన 'లోపే'లోని ఏత్వం. మనం నొక్కి చెప్పడానికి వాడితే, ఇంగ్లీషు పాఠకుడికి అది 'మాత్రమే' అని వినిపిస్తుంది. 'టుడే ఇట్‌సెల్ఫ్' కూడా ఈ బాపతే, 'ఇవాళే' అన్నదానికి నకలు. రెండూ కొట్టేయొచ్చు.

'డౌట్' సంగతి ఇంకాస్త చిక్కు. మనకు సందేహమంటే అడగదలిచిన ప్రశ్న. వాళ్లకు డౌట్ అంటే నమ్మకం చాలకపోవడం. జాయినింగ్ డేట్ మీద డౌట్ ఉందంటే, ఆ తేదీకి ఉద్యోగం ఇస్తారో లేదో అని శంకిస్తున్నట్టు అనుకునే ప్రమాదముంది. ప్రశ్న ఉందని చెప్పడం మాని, ఆ ప్రశ్నేదో నేరుగా అడిగేయాలి.

'డూ ద నీడ్‌ఫుల్' మాత్రం తెలుగు నుంచి వచ్చింది కాదు, పాత కచేరీల ఇంగ్లీషు. అవసరమైనది చేయండి అంటే ఏం చేయాలో చెప్పనట్టే. 'రివర్ట్' మన ఆఫీసుల్లో జవాబివ్వడం. బయటి దేశాల వారిలో చాలామందికి పాత స్థితికి మళ్లడం. దానికి మళ్లీ 'బ్యాక్' ఎందుకో!

మరి మర్యాదో? మనకు గౌరవం 'గారు'లో, 'చెప్పండి'లోని 'అండి'లో ఉంటుంది. ఇంగ్లీషు క్రియకు అలాంటి తోక లేదు కాబట్టి ఆ లోటు తీర్చడానికి 'రెస్పెక్టెడ్', 'కైండ్లీ' కుప్పపోస్తాం. ఇంగ్లీషు మర్యాద ఎక్కువగా 'కుడ్', 'వుడ్'లతో అడిగే తీరులో ఉంటుంది. 'కైండ్లీ' పక్కనే 'ఇవాళే' అని గడువు పెడితే అది ఆజ్ఞలా తోస్తుంది.

ఇవన్నీ దిద్దాక మిగిలేది ఇది: "డియర్ (పేరు), ఐ ఇంటర్వ్యూడ్ ఫర్ ద టెస్టర్ పొజిషన్ ఆన్ ద సిక్స్‌త్. యూ మెన్షన్డ్ యూ వుడ్ లెట్ మీ నో బై ఫ్రైడే. హ్యాజ్ దేర్ బీన్ ఎ డెసిషన్? ఇఫ్ ఐ యామ్ సెలెక్టెడ్, కుడ్ ఐ జాయిన్ ఆన్ ద ఫిఫ్టీన్‌త్?"

ఇలాంటివి కంటికి ఆనకపోతే Ctrl+F నొక్కి 'సిన్స్', 'ఓన్లీ', 'ఇట్‌సెల్ఫ్', 'టోల్డ్ దట్', 'హ్యావింగ్'లను వెతకండి. దొరికిన ప్రతిదీ తప్పని కాదు. సోమవారం ముందు 'సిన్స్' ఉంటే భేషుగ్గా ఉన్నట్టే.

ఇంకొక మాట. ఇదంతా విదేశాల్లో చదివేవారి కోసం. చదివేది మన తహసీల్దార్ ఆఫీసయితే 'డూ ద నీడ్‌ఫుల్' అందరికీ అర్థమవుతుంది, ఎవరూ నవ్వరు. కాకపోతే అక్కడ కూడా ఏ సర్టిఫికెట్ కావాలో ముందు వాక్యంలోనే రాసి ఉండాలి.