కాఫీ మెషిన్ కొనాలా, అద్దెకు తేవాలా?

కొత్తగా కెఫే పెట్టేవాళ్లు ఎస్ప్రెస్సో మెషిన్ గురించి మొదట అడిగేది నెలకు అద్దెంత అని. బాయిలర్‌లో పెచ్చు కట్టి మెషిన్ ఆగిపోతే ఖర్చు ఎవరిది అన్నది చాలామందికి తోచదు. అసలు లెక్క తేలేది అక్కడే.

ఉదాహరణకి హైదరాబాద్‌లో ఓ చిన్న కెఫే అనుకుందాం. రెండు గ్రూపుల మెషిన్ 4 లక్షలు, గ్రైండర్ 80 వేలు. రెండింటినీ అద్దెకు తీసుకుంటే నెలకు 17 వేలు, గడువు 3 ఏళ్లు. అంటే మొత్తం 6 లక్షల 12 వేలు. కొన్నదానికంటే లక్షా 32 వేలు ఎక్కువ. సొంత మెషిన్‌కి ఏడాదికి 30 వేలు సర్వీసుకు పోతుందనుకున్నా తేడా 42 వేలకు దిగుతుంది. చేతిలో డబ్బు మిగలడానికి ఆ మాత్రం ఇవ్వొచ్చు. కానీ చాలా ఒప్పందాల్లో పెచ్చు వల్ల వచ్చే రిపేరు సర్వీసు కిందకి రాదు. సంతకానికి ముందు ఆ ఒక్క షరతూ వెతకండి.

బోరు నీళ్లలోని కాల్షియం వేడికి విడిపోయి, గీజర్ కాయిల్‌కి పట్టినట్టే బాయిలర్‌లో పేరుకుంటుంది. మిల్లీమీటరు కూడా లేని జెట్ రంధ్రాలు ముందు మూసుకుంటాయి. దీన్ని పట్టుకోవడం తేలికే. హ్యాండిల్ తీసేసి ఒక్కో గ్రూపు నుంచి 10 సెకన్లపాటు నీళ్లు పట్టి తూచండి. ఒకటి బాగా తక్కువిస్తే తప్పు పొడిది కాదు, దారిలో ఏదో అడ్డుంది. సిట్రిక్ యాసిడ్ పోసి మీరే డీస్కేలింగ్ చేద్దామనుకోకండి. ఊడిన పెచ్చులు ఫ్లోమీటర్లో ఇరుక్కుంటాయి. పెద్ద మెషిన్లకి ఆ పని టెక్నీషియన్ విప్పి చేయాల్సిందే. రోజూ రాత్రి బ్లైండ్ బాస్కెట్ పెట్టి క్లీనింగ్ పౌడర్‌తో చేసే బ్యాక్‌ఫ్లష్ వేరు. అది కాఫీ జిడ్డును వదిలిస్తుంది, పెచ్చును కాదు.

అందుకని మెషిన్ ఎవరిదైనా ఫిల్టర్ ఖర్చు మీదే. అయితే ఆర్వో నీళ్లు నేరుగా పెట్టడమూ మంచిది కాదు. మరీ లవణాల్లేని నీటిని బాయిలర్‌లోని లెవెల్ ప్రోబ్ గుర్తుపట్టక, నీళ్లు నింపుతూనే పోవచ్చు. ఆర్వోలో కొంత మామూలు నీరు కలిపే ఏర్పాటు కావాలి. టీడీఎస్ మీటరును నమ్ముకోవడం మరో పొరపాటు. అది మొత్తం లవణాలను చూపిస్తుంది గానీ నీటి కాఠిన్యాన్ని కాదు. చుక్కలేసి చూసే హార్డ్‌నెస్ కిట్ చాలు. వేసవిలో ట్యాంకర్ మారినప్పుడల్లా మళ్లీ చూడాలి, లేకపోతే కార్ట్రిడ్జ్ గడువుకు ముందే చేతులెత్తేస్తుంది.

గ్రైండర్‌కి ఈ నీళ్ల గొడవే లేదు. కాబట్టి దాన్ని కొనేయడమే నయం. కప్పుకు 18 గ్రాముల చొప్పున రోజుకు 120 కప్పులంటే నెలకు 65 కిలోల గింజలు. లోపలి బర్లు కొన్ని వందల కిలోలకే అరుగుతాయి. 25–30 సెకన్లలో దిగాల్సిన షాట్ కోసం సెట్టింగ్‌ని వారం వారం ఇంకాస్త మెత్తగా తిప్పాల్సి వస్తోందంటే మార్చే వేళైందన్నమాట.

మెషిన్ ఉచితం, గింజలు మా దగ్గరే కొనండి అనే బేరమూ ఉంది. కిలోకి బయటి ధరకంటే 200 ఎక్కువైతే, ఆ 65 కిలోల మీద నెలకు 13 వేలు. అద్దె అక్కడ దాక్కుంది.