రాఫ్ట్ మీద గోడ లేచే చోట

వానలు ముదిరాక హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఇదే వరస. గోడ పొడిగా ఉంటుంది, ఫ్లోరూ పొడిగానే ఉంటుంది. ఆ రెండూ కలిసే మూలలో మాత్రం సన్నటి తడి గీత ఒకటి బారులు తీరి కనిపిస్తుంది. వాచ్‌మన్ తుడిచి వెళ్లిన గంటకే మళ్లీ ఊరుతుంది. కాంక్రీటు నాసిరకమని ఒకరు, సిమెంటు తగ్గించారని ఇంకొకరు అంటారు. చాలాసార్లు కాంక్రీటు మంచిదే. పని ఎక్కడ ఆపి మళ్లీ మొదలుపెట్టారో అక్కడే తేడా వచ్చి ఉంటుంది.

సెల్లార్ అడుగున పరిచే రాఫ్ట్‌ను ఒక రోజు పోస్తారు. దాని మీద గోడ లేచేసరికి వారమో పది రోజులో పడుతుంది. అప్పటికి కిందిది గట్టిపడిపోతుంది. పైన పోసిన కొత్త కాంక్రీటు దానికి అతుక్కుంటుంది గానీ రెండూ కలిసి ఒకే రాయిగా మారవు. మధ్యలో కంటికి ఆనని అతుకు మిగులుతుంది. దాన్నే ఇంజనీర్లు కన్‌స్ట్రక్షన్ జాయింట్ అంటారు. గోడ బయట మూడు మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే, ఆ అతుకు దగ్గర చదరపు మీటరుకు దాదాపు మూడు టన్నుల ఒత్తిడి పడుతుంది. నీటికి వెంట్రుకంత దారి చాలు.

హైదరాబాద్ గట్టి రాతినేల కావడం ఈ కష్టాన్ని పెంచుతుంది. సెల్లార్ కోసం రాయి పగలగొట్టాక, ఆ రాతి అంచుకూ గోడకూ మధ్య మిగిలిన సందును మట్టితో పూడుస్తారు. వాన నీరు ఆ వదులు మట్టిలోంచి అడుగుకు దిగుతుంది. రాతిలో ఇంకడానికి పెద్దగా చోటుండదు కాబట్టి అక్కడే నిలుస్తుంది. అంటే సెల్లార్ ఒక రాతి తొట్టిలో కూర్చున్నట్టే. అందుకే వాన వెలిసిన కొన్ని రోజుల తర్వాత కూడా చెమ్మ తగ్గదు.

ఆ అతుకులో నీటిని అడ్డుకోవడానికి పెట్టేదే వాటర్ స్టాప్. సైట్లలో ‘వాటర్ స్టాపర్’ అని పిలుస్తారు. సాధారణంగా అది 230 మిల్లీమీటర్ల వెడల్పున్న పీవీసీ పట్టీ. రెండు వైపులా గట్లుగట్లుగా పళ్లుంటాయి, నడుమ బోలు గొట్టంలాంటి ఉబ్బు ఉంటుంది. సగం పట్టీ కింది కాంక్రీటులో, సగం పైదానిలో ఇరుక్కోవాలి. అప్పుడు అతుకులోకి చొరబడిన నీరు ప్రతి గట్టునూ చుట్టి పోవలసి వస్తుంది, ఆ దారిలోనే దాని జోరు చచ్చిపోతుంది. నడిమి ఉబ్బు సరిగ్గా అతుకు గీత మీద ఉండాలి. రాఫ్ట్ పై కమ్మీల వల పట్టీకి అడ్డొస్తుంది కాబట్టి, రాఫ్ట్‌తో పాటే 150 మిల్లీమీటర్ల ఎత్తున గోడ మొదలును పోసి, పట్టీ కింది సగాన్ని అందులో నిలబెడతారు. ఆ చిన్న గోడను కిక్కర్ లేదా స్టార్టర్ అంటారు.

ఇక 250 మిల్లీమీటర్ల మందం, మూడు మీటర్ల ఎత్తున్న ఒక గోడను తీసుకుని చూద్దాం. కిక్కర్ పోశాక వారం పాటు పట్టీ పై సగం ఎండలో నిలబడే ఉంటుంది. కమ్మీలు కట్టేవాళ్లు దాని మీద కాలేస్తారు. సిమెంటు పాలు చింది ఎండిపోతాయి. అంచుల్లోని కన్నాల్లోంచి తీగతో కమ్మీలకు బిగించి కట్టకపోతే పట్టీ ఒరుగుతుంది. గోడ పోసే రోజు పైనుంచి పడే కాంక్రీటు బరువుకు ఒరిగినది పూర్తిగా మడత పడుతుంది. మడత కింద గాలి బుడగ చిక్కుకుంటుంది, కంకర చేరదు. షట్టరింగ్ విప్పాక బయటికి ఏమీ తెలియదు.

పట్టీకి పట్టీని కలిపే చోటు ఇంకా నాజూకైనది. ఒకదాని మీద ఒకటి జానెడు వేసి మేకు కొట్టడం చాలా చోట్ల కనిపించే తప్పు. రెండు పట్టీల గట్ల మధ్య నీటికి తిన్నని కాలువ దొరికినట్టే. రెండు కొసలనూ చదరంగా కోసి, వేడి రేకుకు ఆనించి అంచులు కరగనిచ్చి, రేకు తీసిన వెంటనే ఎదురెదురుగా నొక్కి, చల్లారేదాకా కదపకుండా పట్టుకోవాలి. తర్వాత చేత్తో వంచి లాగితే అతుకు విచ్చుకోకూడదు. ఈ పనికి పట్టేది కొద్ది నిమిషాలే.

పట్టీ ఎంత మంచిదైనా కాంక్రీటు దాన్ని పట్టుకోవాలి. పోసిన కాంక్రీటు పైకి పలచని సిమెంటు పాలు తేలి, ఎండి, పొరలా మిగులుతుంది. అది బలహీనం. కొన్ని గంటల తర్వాత, కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే వైరు బ్రష్‌తో, నీళ్ల జల్లుతో ఆ పొరను తీసేసి కంకర పైకి కనిపించేలా చేయాలి. గట్టిపడ్డాక ఉలితో చెక్కవలసి వస్తే పట్టీకి దెబ్బ తగులుతుంది. గోడ పోసే ముందు కడిగి, తడిపి, నిలిచిన నీటిని తీసేయాలి.

తర్వాతి గండం మొదటి బొచ్చె కాంక్రీటుతోనే వస్తుంది. మూడు మీటర్ల పైనుంచి గుమ్మరిస్తే కమ్మీలకు తగులుతూ గుజ్జు పైనే అంటుకుంటుంది, కంకర విడిపోయి అడుగుకు చేరుతుంది. అడుగంటే మన అతుకే. IS 456 ఒకటిన్నర మీటరుకు మించి జారవిడవవద్దంటుంది. అందుకే గొట్టం కిందికి దించి పోయాలి. కంకర లేకుండా అదే పాళ్లలో కలిపిన మోర్టారు రెండంగుళాల మందాన ముందు పోస్తే అడుగు నిండుగా కూర్చుంటుంది. వైబ్రేటర్ సూదిని పట్టీకి తగలనివ్వకుండా దానికి రెండు వైపులా దించాలి.

పీవీసీకి బదులు నీరు తగిలితే ఉబ్బే పట్టీలూ ఉన్నాయి. పెట్టడం సులువు కాబట్టి మేస్త్రీలకు ఇష్టం. అయితే 25 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీకి సాధారణంగా రెండు వైపులా కనీసం 75 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. 150 మిల్లీమీటర్ల సంపు గోడలో నడుమ పెడితే అటూ ఇటూ మిగిలేది 62 మాత్రమే. ఉబ్బే బలానికి గోడ అంచే పగలవచ్చు. కాంక్రీటు పోయకముందే వాన పడితే పట్టీ అప్పుడే ఉబ్బేస్తుంది. తడిసినదాన్ని తీసి కొత్తది పెట్టాల్సిందే.

తడి మచ్చ ఆకారాన్ని బట్టి జబ్బును చాలావరకు పోల్చవచ్చు. మూల వెంట గీతలా ఊరితే అతుకు. సమదూరంలో గుండ్రని మచ్చలు కనిపిస్తే షట్టరింగ్ బిగించిన టై రాడ్ల కన్నాలు. కంకర తేలిన చోట పెద్ద మచ్చ వస్తుంది. సంపులో పైపు చుట్టూ ఊరితే, నున్నటి పీవీసీ పైపును కాంక్రీటు పట్టుకోలేదని అర్థం. అక్కడ రేకు చక్రం వెల్డింగ్ చేసిన పడిల్ ఫ్లాంజ్‌ను గోడ పోయకముందే పెట్టి ఉండాలి. ఒక్క జాగ్రత్త: నీరు పట్టీ వెంట కొన్ని మీటర్లు పాకి వేరే చోట బయటపడుతుంది. తడి కనిపించిన చోటే లోపలికి వచ్చిందనుకుంటే పొరపాటు.

సెల్లార్ లోపలి నుంచి వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరు పూస్తే చాలనే మాట నమ్మవద్దు. బయటి నీరు దాన్ని వెనకనుంచి నెట్టి, కొన్ని నెలల్లో బొబ్బలెక్కించి రాలగొడుతుంది. సంపులో నీటి ఒత్తిడి లోపలి నుంచే కాబట్టి అక్కడ లోపలి పూత పనిచేస్తుంది. సెల్లార్ అతుకుకు మాత్రం వాలుగా రంధ్రాలు వేసి, ప్యాకర్లు బిగించి, పాలీయురిథేన్ గ్రౌట్‌ను ఒత్తిడితో ఎక్కించాలి. రంధ్రం అతుకును తాకాలి గానీ మధ్యలో ఉన్న పట్టీని పొడవకూడదు. గోడ డ్రాయింగ్ చేతిలో లేకుండా డ్రిల్లు పట్టే వాళ్లను ఆపాలి.

ఇల్లు కట్టుకుంటున్నవారు రెండు పనులు చేయండి. గోడకు రెండో వైపు షట్టరింగ్ మూసే ముందు వెళ్లి పట్టీ నిటారుగా ఉందో లేదో చూసి, అతుకులను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. సంపు చుట్టూ మట్టి పూడ్చకముందే నీళ్లు నింపించండి. మొదటి ఏడు రోజులు కాంక్రీటు పీల్చుకోవడానికి వదిలేయండి. తర్వాతి ఏడు రోజులూ బయటి గోడ పొడిగా ఉంటేనే మట్టి వేయనివ్వండి.