సర్వో కడుపులో మూడు లూపులు

ఆవిరితో నడిచే ఓడ చుక్కాని యంత్రాల మీద ఫ్రెంచ్ ఇంజనీరు జోసెఫ్ ఫార్కో 1873లో ఒక పుస్తకం వేశాడు. ‘సర్వో మోటార్’ అన్న పేరు అందులోదే. చుక్కాని కోరిన కోణానికి చేరగానే ఆ యంత్రం తన ఆవిరిని తానే కట్టేసుకుంటుంది. అక్కడున్నది ఒక్క లూపే. ఇవాళ సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ టేబుల్‌ని జరిపే సర్వో డ్రైవ్‌లో మూడుంటాయి, ఒకదానిలో ఒకటి.

బయట ఉండే పొజిషన్ లూప్, టేబుల్ ఇంకా ఎంత దూరం జరగాలో చూసి ‘ఇంత వేగం కావాలి’ అంటుంది. ఆ వేగం కోసం స్పీడ్ లూప్ కరెంట్ అడుగుతుంది. అందరికంటే లోపలున్న కరెంట్ లూప్ మోటారు చుట్లకు వోల్టేజీ ఇస్తుంది. ఇలా విడదీయడంలో నాకు బాగా నచ్చేది ఒకటుంది: అడిగే కరెంట్‌కు హద్దు పెడితే చాలు, టేబుల్ దేనికైనా గుద్దుకున్నా డ్రైవ్‌లోని ట్రాన్సిస్టర్లు మాడవు.

లూప్ ఎంత త్వరగా మారే ఆజ్ఞను అందుకోగలదో చెప్పేదే బ్యాండ్‌విడ్త్. కరెంట్ లూప్‌కు అది సుమారు 1000 హెర్ట్జ్, స్పీడ్ లూప్‌కు పదుల నుంచి వంద వరకు, పొజిషన్‌కు పది లోపు ఉండటం మామూలు. ఎందుకీ వరస?

స్పీడ్ లూప్ 50 హెర్ట్జ్ అనుకుందాం. అంటే అడిగిన వేగాన్ని అందుకోవడానికి దానికి సుమారు 3 మిల్లీసెకన్ల ఆలస్యం. పొజిషన్ గెయిన్ సెకనుకు 33 పెడితే, మిల్లీమీటరు తేడాకు సెకనుకు 33 మి.మీ. వేగం అడుగుతుంది. ఆ ఆలస్యం దానికి లెక్కలోకి రాదు. టేబుల్ నిదానంగా వచ్చి ఆగుతుంది. గెయిన్ 79 దాకా పెంచినా గమ్యం దాటదు. అదే 314 పెడితే రెండు లూపుల వేగమూ సమానమవుతుంది. వేగం తగ్గించమన్న మాట లోపల అమలయ్యేలోగా టేబుల్ గమ్యం దాటేస్తుంది. ఒక్కసారిగా 1 మి.మీ. జరగమంటే 0.16 మి.మీ. ఎక్కువ పోయి వెనక్కొస్తుంది. మూలలో కట్టర్ ఉంటే ఆ మేర జాబ్ కోసుకుపోయినట్టే.

నెమ్మదికీ ఖరీదుంది. గెయిన్ 33 దగ్గర సెకనుకు 100 మి.మీ. వేగంతో పోతున్న టేబుల్ ఆజ్ఞకు 3 మి.మీ. వెనకబడి నడుస్తుంది. అందుకే కావలసిన వేగాన్ని ముందే స్పీడ్ లూప్‌కు చెప్పే ఫీడ్‌ఫార్వర్డ్ కలుపుతారు.

నిన్నటిదాకా బాగున్న యంత్రం బరువైన జాబ్ ఎక్కించగానే ఊగుతుంటే, తప్పు పొజిషన్ గెయిన్‌ది కాకపోవచ్చు. మోటారు తిప్పాల్సిన జడత్వం రెట్టింపైతే స్పీడ్ లూప్ బ్యాండ్‌విడ్త్ సగమవుతుంది. 79 గెయిన్ దగ్గరే టేబుల్ గమ్యాన్ని 4 శాతం మేర దాటడం మొదలవుతుంది. పొజిషన్ గెయిన్ తగ్గిస్తే ఊగడం ఆగుతుంది, వెనకబాటు పెరుగుతుంది. స్పీడ్ గెయిన్ పెంచడమే సరైన మందు. అది కూడా బాల్ స్క్రూ, కప్లింగ్ కీచుమనే దాకానే.