‘రీజన్ ఫర్ ఛేంజ్’ గడిలో ఏం రాయాలి?

ఇంటర్వ్యూ కంటే ముందు ఒక మెయిల్ వస్తుంది. హెచ్‌ఆర్ నుంచో, కన్సల్టెన్సీ నుంచో. అందులో చిన్న పట్టిక ఉంటుంది. `Total Experience`, `Relevant Experience`, `Current CTC`, `Expected CTC`, `Notice Period`, `Current Location` అన్నీ అయ్యాక చివర్లో `Reason for Change`. పై గడులన్నీ రెండు నిమిషాల్లో నింపేస్తాం. ఈ చివరి గడి దగ్గరే చెయ్యి ఆగుతుంది. ఆగకుండా రాసేసినవాళ్లకే ఎక్కువ నష్టం జరుగుతుంటుంది.

డిగ్రీనో బీటెక్‌నో అయ్యాక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో దొరికిన చిన్న ఉద్యోగంలో చేరి, ఏడాది తిరక్కుండానే హైదరాబాద్ కంపెనీలకు అప్లై చేసేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లకు ఈ గడి మరీ ఇబ్బంది. చెప్పుకోవడానికి కారణాలు ఉంటాయి. ఆ కారణాల్లో సగం ఓనర్ మీద కోపమే.

ముందు ఈ జవాబు ఎక్కడికి పోతుందో చూద్దాం. మనం మెయిల్ రాసింది రిక్రూటర్‌కి. ఆయన దాన్ని చదివి ఊరుకోడు. ఒక ఎక్సెల్ షీట్‌లో మన పేరు పక్కన ఉన్నదున్నట్టు అతికిస్తాడు. ఆ షీట్ టీమ్ లీడ్ దగ్గరికో, హైరింగ్ మేనేజర్ దగ్గరికో వెళ్తుంది. అక్కడ మన మొహం ఉండదు, గొంతు ఉండదు. పక్కపక్కనే పదిహేను పేర్లు, పదిహేను కారణాలు. ఎదురుగా కూర్చుని నవ్వుతూ చెబితే మామూలుగా వినిపించే మాట ఆ షీట్‌లో ఫిర్యాదులా కనిపిస్తుంది. మేనేజర్‌కి అసలు సంగతి విచారించే తీరిక ఉండదు. పక్క లైన్‌లోకి వెళ్లిపోతాడు.

ఒక కేసు తీసుకుని మొత్తం నింపి చూద్దాం. కోదాడ అబ్బాయి అనుకోండి. సీఎస్‌ఈ చదివాడు. సూర్యాపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో జావా డెవలపర్‌గా చేరి 14 నెలలైంది. మొదటి 4 నెలలు ఒక స్కూల్ కోసం ఫీజు రసీదుల మాడ్యూల్ రాశాడు. ఆ తర్వాత 10 నెలలుగా రైస్ మిల్లులకు అమ్మిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఫోన్ సపోర్ట్ చేస్తున్నాడు. మిర్యాలగూడ మిల్లు నుంచి ఫోన్ వస్తుంది, కాటా స్లిప్ ప్రింట్ కావట్లేదంటారు, ఇతను చూసి సరిచేస్తాడు. జీతం మూడుసార్లు 20వ తేదీ దాటాకే పడింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక జూనియర్ జావా డెవలపర్ పోస్టుకి అప్లై చేశాడు, ఆ మెయిల్ వచ్చింది. (మెయిల్ ఇంగ్లిష్‌లోనే పంపుతాం కానీ ఆలోచన తేలడానికి ఇక్కడ తెలుగులో రాస్తున్నా.)

మొదటి ఊపులో అతను రాసేది ఇలా ఉంటుంది: “డెవలపర్ అని తీసుకుని కస్టమర్ కేర్ పని చేయిస్తున్నారు. మేనేజ్‌మెంట్ సరిగా లేదు. జీతాలు టైమ్‌కి ఇవ్వరు. ఇక్కడ నేర్చుకోవడానికి ఏమీ లేదు.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. కానీ అవతల చదివేవాడి వైపు నుంచి చూడండి. ‘మేనేజ్‌మెంట్ సరిగా లేదు’ అనే మాటలో సమాచారం లేదు, అభిప్రాయం ఉంది. రేపు మా గురించీ ఇలాగే రాస్తాడు కదా అనిపిస్తుంది. ‘జీతాలు టైమ్‌కి ఇవ్వరు’ అనేది ఆ కంపెనీ లోపలి సంగతి. కంపెనీ విషయాలు బయట చెప్పే మనిషి అన్న ముద్ర పడుతుంది. ఇక నా లెక్కలో అన్నిటికంటే ఖరీదైన వాక్యం చివరిది. నేర్చుకోవడానికి ఏమీ లేదన్నారంటే 14 నెలల్లో మీరు ఏమీ నేర్చుకోలేదని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. పైన `Relevant Experience` గడిలో రాసిన అంకెను ఆ ఒక్క మాట తుడిచేస్తుంది.

ఎవరో సీనియర్ ఇది చూసి, “అరె అట్ల రాయొద్దురా” అంటే రెండోసారి అందరూ రాసేదే రాస్తాడు: “కెరీర్ గ్రోత్ కోసం, కొత్త ఛాలెంజ్‌ల కోసం.” దీనివల్ల నష్టం కనిపించదు. ఎక్సెల్ షీట్‌లో పదిహేను మందిలో పది మందికి ఇదే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అయితే రిక్రూటర్ ఫోన్ చేసి “గ్రోత్ అంటే మీ ఉద్దేశం ఏంటండీ?” అని అడిగినప్పుడు సమస్య మొదలవుతుంది. దాని వెనక మాట సిద్ధంగా లేనివాడు తడబడి, మొదటి డ్రాఫ్ట్‌లో ఉన్నదంతా ఫోన్‌లో కక్కేస్తాడు. మెయిల్‌లో దాచింది నోటితో బయటపడితే అనుమానం రెండింతలు.

మూడో డ్రాఫ్ట్ రాయడానికి కూర్చునే ముందు అతను చేయాల్సిన పని ఒకటుంది. మానేయడానికి ఉన్న కారణాలన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి, ఎవరికీ చూపించక్కర్లేదు. కోడింగ్ లేదు, జీతం ఆలస్యం, జీతం తక్కువ, సార్ అరుస్తాడు, హైదరాబాద్ వెళ్లాలనుంది. ఇప్పుడు అప్లై చేసిన ఉద్యోగం ప్రకటన పక్కన పెట్టుకుని చూడాలి. వీటిలో ఆ కొత్త ఉద్యోగం నిజంగా తీర్చేది ఏది? కొత్త కంపెనీలో సార్ అరవడని ఎవరూ హామీ ఇవ్వలేరు. జీతం మాట పట్టికలో `Expected CTC` అనే సొంత గడి ఉన్నది కాబట్టి అక్కడ చెప్పుకోవచ్చు. ప్రకటనలో రోజూ జావా, డేటాబేస్ పని అని రాసుంది. అంటే అతని కారణాల్లో ఈ ఉద్యోగానికి అతికేది మొదటిదే. రాయాల్సింది అదొక్కటే.

“జావా డెవలపర్‌గా చేరి, మొదటి 4 నెలలు ఫీజు రసీదుల మాడ్యూల్ రాశాను. గత 10 నెలలుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ చూస్తున్నాను. మీ ప్రకటనలో ఉన్న జావా, డేటాబేస్ పని నేను కొనసాగించాలనుకుంటున్నది. అందుకే ఈ పోస్టుకి అప్లై చేశాను.”

నాలుగు వాక్యాలు. ప్రతి వాక్యంలోనూ పని చేసేది ‘నేను’. ‘వాళ్లు’ అనే మాట ఎక్కడా రాలేదు. డెవలపర్‌గా తీసుకుని సపోర్ట్‌లో కూర్చోబెట్టారన్న సంగతి చదివేవాడికి తెలిసిపోయింది, కానీ ఆ తీర్పు మనం ఇవ్వలేదు. ఈ నాలుగు లైన్లు రేపు సూర్యాపేట ఓనర్ చూసినా “ఇందులో తప్పేముంది, నిజమే కదా” అనాలి. నేను ఎవరి డ్రాఫ్ట్ చూసినా మొదట పెట్టే పరీక్ష అదే.

ఇక్కడ చిన్న మాటలు పట్టిస్తాయి, జాగ్రత్త. పై జవాబునే “గత 10 నెలలుగా ఓన్లీ సపోర్ట్” అని రాస్తే ఫిర్యాదు అయిపోతుంది. ‘జస్ట్’, ‘ఈవెన్’, ‘అన్‌ఫార్చునేట్‌లీ’, ‘చెప్పారు కానీ’ లాంటివి కనిపిస్తే కొట్టేయండి. వాక్యం అర్థం మారదు, అందులో కోపం పోతుంది. క్లయింట్ పేర్లు, కంపెనీకి ఎంత నష్టం వచ్చింది, ఎంతమంది మానేశారు అనేవి కూడా రాయకూడదు.

ఇంకో సంగతి. పట్టికలోని గడులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఈ అబ్బాయి కారణంలో 10 నెలలు సపోర్ట్ అని రాసి, `Relevant Experience` దగ్గర 14 నెలలు అని పెడితే ఎవరైనా పట్టుకుంటారు. అక్కడ 4 నెలలు అనే ఉండాలి. తగ్గిపోతుందని భయపడతారు గానీ, సపోర్ట్‌లో ఉండగా డేటాబేస్‌లో క్వెరీలు రాసి తప్పులు సరిచేసి ఉంటే అది రెజ్యూమెలో విడిగా రాసుకోవచ్చు. ఆఫర్ దాకా వెళ్లాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. రిలీవింగ్ లెటర్, పే స్లిప్‌లు అడుగుతారు, పీఎఫ్ ఉంటే యూఏఎన్‌లోని సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, మానేసిన తేదీ చూస్తారు. 20 మంది కంటే తక్కువున్న ఆఫీసుల్లో పీఎఫ్ లేకపోవచ్చు, అప్పుడు జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. అందుకే విమర్శ వద్దన్నానని కారణాన్ని కల్పించకండి. తీసేస్తే ‘నేనే రిజైన్ చేశా’ అని రాయొద్దు. ప్రాజెక్ట్ ఆగిపోయి పంపించేస్తే “ప్రాజెక్ట్ ముగిసింది, మా టీమ్‌ను తీసేశారు” అని నెల, సంవత్సరంతో రాయండి. అది విమర్శ కాదు, జరిగిన సంగతి.

మరి జీతం నెలల తరబడి రాకపోతే? వేధింపులు ఉంటే? అవి మింగేయమని చెప్పట్లేదు. రాని జీతం కోసం లేబర్ ఆఫీసు ఉంది. ఆడవాళ్లపై లైంగిక వేధింపులకు 2013 చట్టం కింద ఫిర్యాదు కమిటీలు ఉన్నాయి. పది మంది కంటే తక్కువున్న ఆఫీసుల వాళ్లకు జిల్లా స్థాయిలో కమిటీ ఉంటుంది. ఆ ఫిర్యాదుకు తేదీలు, కాగితాలు, వాట్సాప్ మెసేజ్‌లు జాగ్రత్తగా దాచుకోండి. రిక్రూటర్ మాత్రం వాటిలో దేన్నీ పరిష్కరించలేడు.

మన ఊళ్లకు సంబంధించి ఇంకో మాట. మిర్యాలగూడలో ఒక మిల్లు ఆఫీసులో అకౌంట్స్ చూసేవాళ్లు ఇంకో మిల్లుకి అప్లై చేస్తే, ఆ ఇద్దరు ఓనర్లు ఒకరికొకరు తెలిసే ఉంటారు. మీ మెయిల్ సాయంత్రానికి మీ సార్ ఫోన్‌లో ఉండే అవకాశం హైదరాబాద్‌లో కంటే ఇక్కడే ఎక్కువ. ఆఫీసు మెయిల్ ఐడీ నుంచి, ఆఫీసు కంప్యూటర్ నుంచి ఈ జవాబు పంపొద్దని ప్రత్యేకంగా చెప్పాలా?

హైదరాబాద్ నుంచి వెనక్కి రావాలనుకునేవాళ్లూ ఉన్నారు, 2023లో సూర్యాపేటలో ఐటీ హబ్ మొదలయ్యాక ఈ ప్రశ్న నన్ను కొందరు అడిగారు. “ఇంటి దగ్గర ఉండాలని” అనేది చక్కని కారణం, అందులో ఎవరి మీదా మాట పడదు. కాకపోతే ఆరు నెలలకి మళ్లీ సిటీకి పోతాడేమో అన్న సందేహం వస్తుంది. “మా కుటుంబం సూర్యాపేటలోనే ఉంటుంది, ఇక్కడే స్థిరపడాలని నిర్ణయించుకున్నాను” అని ఇంకో వాక్యం కలపండి, అది నిజమైతేనే.

మళ్లీ కోదాడ అబ్బాయి దగ్గరికి వద్దాం. మెయిల్ పంపిన రెండు రోజులకు ఫోన్ వచ్చింది అనుకోండి. రిక్రూటర్ అడిగేస్తుంది, “మేనేజర్‌తో ఏమైనా ప్రాబ్లమా?” అని. అరుస్తాడన్నది నిజమే. జవాబు ఇలా ఉంటే చాలు: “పని విషయంలో అప్పుడప్పుడు అభిప్రాయ భేదాలు ఉన్నాయండి. నేను మారాలనుకుంటున్నది మాత్రం కోడింగ్ పని కోసం. మొదటి నాలుగు నెలలు చేసిన మాడ్యూల్ గురించి చెప్పమంటారా?” ఆ చివరి ప్రశ్న అడిగితే సంభాషణ ఓనర్ మీద నుంచి జావా మీదికి మళ్లుతుంది. దానికి మాత్రం ఆ మాడ్యూల్ గురించి రెండు నిమిషాలు గడగడా చెప్పగలగాలి. ఫీజు పట్టికలు ఎలా పెట్టాడు, ఒకే రసీదు నంబర్ రెండుసార్లు పడకుండా ఏం చేశాడు, వగైరా. ఆ తర్వాత ఆమె అడిగేది నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులనే. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏ అంకె ఉందో ఫోన్ రాకముందే తీసి చూసుకోవాలి.