మూఢంలో అద్దె: ఓనరుగారికి రాసే ఉత్తరం

శుక్ర మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఆగిపోతాయి. శుభలేఖల దుకాణంలో మిషను మూలనపడుతుంది. అద్దె మాత్రం ఐదో తారీఖుకల్లా కట్టాలి. అలాంటప్పుడు కొందరు ఓనరు ఫోను ఎత్తడం మానేస్తారు. దానివల్ల ఉన్న నమ్మకం కూడా పోతుంది. మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు పోతుందో పంచాంగంలో ముందే ఉంటుంది. అందుకే బాకీ పడకముందే, నెల ముందుగా ఉత్తరం రాయడం మేలు.

బేరాలు లేవని అద్దె తగ్గించమనే హక్కు మామూలుగా చట్టంలో లేదు, అగ్రిమెంట్‌లో రాసుకుని ఉంటే తప్ప. 2020లో లాక్‌డౌన్ వల్ల కొట్టు మూతపడిందని ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణదారు హైకోర్టుకు వెళితే, అద్దె ఆపడానికి కోర్టు ఒప్పుకోలేదు. కట్టాల్సిన గడువును మాత్రం కొంత సడలించింది. మన ఉత్తరంలోనూ మాఫీ కంటే గడువు అడిగితేనే ఓనరు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఆయనకూ ఆ అద్దె మీదే బ్యాంకు వాయిదా ఉండవచ్చు.

ఉదాహరణకు నెలకు 20,000 అద్దె కట్టే శుభలేఖల దుకాణం తీసుకుందాం. ఉత్తరం ఇలా ఉండవచ్చు:

“గౌరవనీయులైన ఓనరుగారికి నమస్కారం. మీ షాపులో నాలుగేళ్లుగా ఉంటున్నాను. అద్దె ఏ నెలా ఆపలేదు. మూఢం వల్ల డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆర్డర్లు బాగా తగ్గుతాయి. క్రితంసారి మూఢంలో జరిగిన అమ్మకాల లెక్క జతచేశాను. ఈ మూడు నెలలూ 10,000 చొప్పున కట్టి, మిగిలిన 30,000ను మార్చి నుంచి ఆగస్టు దాకా నెలకు 5,000 చొప్పున అద్దెతో కలిపి చెల్లిస్తాను. అగ్రిమెంట్‌లోని మిగతా షరతులన్నీ యథాతథం. అడ్వాన్సులోంచి సర్దుకోమని అడగడం లేదు.”

ఇందులో ప్రాణం లెక్కలోనే ఉంది. “కొంచెం చూడండి” అని రాస్తే ఎంత తగ్గించాలో, ఎన్నాళ్లో ఓనరుకు తెలియదు, కాబట్టి కాదనడమే ఆయనకు తేలిక. 25,000 కట్టే నెలల్లో ఆషాఢం కూడా పడుతుంది. అప్పుడూ ముహూర్తాలుండవు. ఆ నెల వాయిదా కట్టలేమనుకుంటే సెప్టెంబరుకు మార్చమని ఇప్పుడే అడగాలి. మాట తప్పాక రాసే రెండో ఉత్తరానికి విలువ ఉండదు.

అమ్మకాల లెక్కకు జీఎస్టీ రిటర్నులు గానీ, దుకాణం ఖాతా బ్యాంకు స్టేట్‌మెంటు గానీ చాలు. ఇంటి కష్టాలు ఏకరువు పెట్టనక్కర్లేదు.

ఉత్తరం స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి మాట్లాడండి. ఆయన “సరేలే, చూద్దాం” అంటే అది ఒప్పుకోలు కాదు. రేపు ఆయన కొడుకు లెక్కలు చూస్తే ఆ 30,000 బాకీగానే కనిపిస్తుంది. ఉత్తరం నకలు మీద “అంగీకరించాను” అని రాయించి, తేదీతో సంతకం తీసుకోండి. అది చేతికి వచ్చేదాకా పూర్తి అద్దే కట్టండి.